అరకిలో ఆవకాయ సీసా: మార్కెట్‌ప్లేస్‌లో పెట్టాలా, సొంత స్టోర్‌లో అమ్మాలా?

గుంటూరు చుట్టుపక్కల పచ్చళ్లు పట్టి అమ్మే చిన్న యూనిట్లు చాలానే ఉన్నాయి. ఆన్‌లైన్‌లోకి రావాలనుకున్నప్పుడు వాళ్లందరి మొదటి ప్రశ్న ఒకటే: మార్కెట్‌ప్లేస్‌లో పెట్టాలా, సొంతంగా వెబ్‌సైట్ కట్టుకోవాలా? మార్కెట్‌ప్లేస్ కమిషన్ ఎక్కువని ఒకరు, సొంత సైట్‌కి జనం రారని ఇంకొకరు అంటారు. రెండూ నిజమే. కానీ ఏ సీసా మీద ఎంత మిగులుతుందో కాగితం మీద వేసి చూడకపోతే ఆ మాటలతో ఏదీ తేలదు.

అందుకని ఒక నమూనా యూనిట్ తీసుకుందాం. అరకిలో ఆవకాయ, గాజు సీసా, జీఎస్టీ కలిపి 360 రూపాయలు. సీసా, మూత, లేబుల్‌తో కలిపి సరుకు ఖర్చు 130. బబుల్ ర్యాప్, అట్టపెట్టె, టేపు 22. మార్కెట్‌ప్లేస్‌లూ కొరియర్లూ రేట్ కార్డులను తరచూ మారుస్తాయి కాబట్టి ఇక్కడ వాడినవి లెక్క కోసం పెట్టుకున్న రేట్లు. చేయాల్సింది ఈ వరసలో మీ రేట్లు వేసి చూసుకోవడం.

ఒక్క సీసా, మార్కెట్‌ప్లేస్ మీద

మార్కెట్‌ప్లేస్ కోతలు మూడు రకాలు. అమ్మిన ధర మీద శాతంగా పడే కమిషన్, ధర ఏ శ్లాబులో ఉందో చూసి వేసే క్లోజింగ్ ఫీజు, బరువు, దూరం బట్టి వేసే షిప్పింగ్ ఫీజు. మన సీసాకి కమిషన్ 9 శాతం అనుకుంటే 32, క్లోజింగ్ ఫీజు 25, కిలో లోపు పక్క రాష్ట్రానికి షిప్పింగ్ 85. మొత్తం 142. దీని మీద 18 శాతం జీఎస్టీ 26. అంటే 360లో 168 వాళ్ల దగ్గరే ఆగిపోయి మన చేతికి 192 వస్తుంది. సరుకు, ప్యాకింగ్ 152 తీసేస్తే 40 మిగులుతుంది. లిస్టింగ్ నాలుగో పేజీలో పడి ఉండకుండా పెట్టే ప్రకటనల ఖర్చు ఆర్డర్‌కి 25 అనుకుంటే ఆ 40 కాస్తా 15 అవుతుంది. వందకి మూడు సీసాలు కారినా పగిలినా, వాటి సరుకూ ప్యాకింగూ షిప్పింగూ మనకే పడి మిగతా సీసాల మీద తలా ఏడెనిమిది రూపాయలు పోతాయి. చివరికి 360 రూపాయల సీసా మీద మిగిలేది ఏడో ఎనిమిదో.

ఇందులో కమిషన్ వాటా 32 మాత్రమే, షిప్పింగ్ 85. కమిషన్ శాతం గురించి గంటలు వాదించేవాళ్లు కూడా షిప్పింగ్ శ్లాబు వైపు చూడరు.

కోతల్లో మరో రెండు చిన్న పద్దులు కనిపిస్తాయి: జీఎస్టీ కింద టీసీఎస్ 0.5 శాతం, ఆదాయపు పన్ను కింద టీడీఎస్ 0.1 శాతం. ఇవి ఖర్చులు కావు, మన పన్ను కింద మార్కెట్‌ప్లేస్ ముందే కోసి ప్రభుత్వానికి కట్టేవి. మొదటిది జీఎస్టీ క్యాష్ లెడ్జర్‌లోకి, రెండోది పాన్ మీద ఆదాయపు పన్ను ఖాతాలోకి చేరతాయి. కాకపోతే పోర్టల్‌లో టీసీఎస్ రిటర్న్‌ని ఆమోదిస్తే తప్ప మొదటి డబ్బు లెడ్జర్‌లో కనిపించదు, చాలామంది ఆ పని మర్చిపోతారు.

లెక్కలో దాక్కున్న జీఎస్టీ

పచ్చళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొనేవాళ్లకి మంచిదే. మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవాళ్లకి మాత్రం దీంతో కొత్త ఇబ్బంది వచ్చింది. సీసా మీద మనం కట్టాల్సిన పన్ను 17 రూపాయలు. మార్కెట్‌ప్లేస్ ఫీజుల మీద మనం కట్టేసిన పన్ను 26. కట్టేసిన పన్నుని కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవచ్చు, దాన్నే క్రెడిట్ అంటారు. అంటే ప్రతి సీసాకీ 9 రూపాయల క్రెడిట్ వాడుకునే దారి లేకుండా లెడ్జర్‌లో మిగిలిపోతుంది. ముడిసరుకు మీది క్రెడిట్ కూడా దాని మీదే పేరుకుంటుంది.

అమ్మేదాని మీది పన్ను రేటు కంటే కొన్నవాటి మీది రేటు ఎక్కువైతే ఇన్‌వర్టెడ్ డ్యూటీ కింద రిఫండ్ వస్తుంది కదా అని అడుగుతారు. ఆ రిఫండ్ లెక్క సరుకుల మీద కట్టిన పన్నుకే వర్తిస్తుంది, సేవల మీద కట్టిన పన్నుకి కాదు. ఆ నిబంధనను 2021లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. కమిషనూ షిప్పింగూ సేవలే కాబట్టి ఆ 9 రూపాయలు తిరిగి రావనుకుని ఖర్చులోనే రాసుకోవాలి. పై లెక్కలో ఫీజుల జీఎస్టీని పూర్తిగా ఖర్చు కింద వేసి, ప్రభుత్వానికి విడిగా ఏమీ కట్టనట్టు చూపింది ఇందుకే. "ఫీజుల మీది జీఎస్టీ ఎలాగూ వెనక్కి వస్తుంది" అని ఎవరైనా చెబితే, ఏ పన్ను రేటున్న సరుకు అమ్ముతున్నారో అడగండి. 18 శాతం సరుకు అమ్మేవాళ్ల విషయంలో ఆ మాట చెల్లుతుంది, 5 శాతం పచ్చడికి చెల్లదు.

రిజిస్ట్రేషన్ సంగతీ ఇక్కడే. సొంత సైట్ పెడితే 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ అక్కర్లేదని ఆంధ్రప్రదేశ్‌లో చాలామంది అనుకుంటారు. రాష్ట్రం లోపల అమ్మినంతవరకే ఆ మినహాయింపు. ఒక్క సీసా హైదరాబాద్ పంపినా అది అంతర్రాష్ట్ర సరఫరా అవుతుంది, రిజిస్ట్రేషన్ తప్పదు. ఆంధ్రా పచ్చళ్లకి హైదరాబాద్, బెంగళూరు పెద్ద మార్కెట్లు కాబట్టి ఆచరణలో రెండు దారుల్లోనూ జీఎస్టీ తీసుకోవాల్సిందే. దీన్ని సొంత స్టోర్‌కి అదనపు లాభంగా లెక్కవేయకూడదు.

మూడు సీసాల పెట్టె

ఇప్పుడు అదే ధరకి మూడు సీసాలు ఒకే పెట్టెలో పంపుదాం. గాజు సీసా పచ్చడితో కలిపి సుమారు 760 గ్రాములు, పెట్టె, ప్యాకింగ్ కలిపితే మొత్తం 2.7 కిలోలు. 3 కిలోల శ్లాబు. సరుకు 390, ప్యాకింగ్ 50. సొంత స్టోర్‌కి కొరియర్ 150తో పాటు జీఎస్టీ, పేమెంట్ గేట్‌వే 2 శాతం, దాని మీద జీఎస్టీ. స్టోర్ ప్లాట్‌ఫామ్‌కి నెలకు 2,000, పైన జీఎస్టీ. నెలకు 150 ఆర్డర్లు వస్తాయనుకుని ఆ ఖర్చును పంచాం.

| పద్దు (రూపాయల్లో) | మార్కెట్‌ప్లేస్ కాంబో | సొంత స్టోర్ |
|---|---|---|
| కొన్నవాళ్లు కట్టింది | 1,080 | 1,080 |
| కమిషన్, క్లోజింగ్ / గేట్‌వే | 174 | 25 |
| డెలివరీ | 201 | 177 |
| స్టోర్ నెలవారీ ఖర్చు | 0 | 16 |
| సరుకు, ప్యాకింగ్ | 440 | 440 |
| నగదుగా కట్టే జీఎస్టీ | 0 | 18 |
| మిగిలింది | 265 | 404 |

ఫీజులూ డెలివరీ అంకెలూ వాటి మీది జీఎస్టీతో కలిపి రాసినవి. ఇంతవరకు సొంత స్టోర్‌దే పైచేయి. ప్రకటనల ఖర్చు వేశాక చిత్రం మారుతుంది. మార్కెట్‌ప్లేస్‌లో "ఆవకాయ" అని వెతికే మనిషి కొనడానికే వచ్చి ఉంటారు, 25 రూపాయల ప్రకటనతో పని అవుతుంది. సోషల్ మీడియాలో ఫోన్ తిప్పుకుంటూ కూర్చున్న మనిషిని సొంత స్టోర్‌కి రప్పించి కొనిపించడానికి 180 అవుతుందనుకుందాం. అప్పుడు కొత్త కస్టమర్ మీద మార్కెట్‌ప్లేస్‌లో 240, సొంత స్టోర్‌లో 224. దాదాపు సమానం, కాస్త మార్కెట్‌ప్లేస్ వైపే మొగ్గు. అదే మనిషి రెండోసారి నేరుగా వచ్చి కొంటే ప్రకటన ఖర్చు లేదు కాబట్టి సొంత స్టోర్‌లో 404 మిగులుతుంది. రెండోసారి మార్కెట్‌ప్లేస్‌లో వెతికితే, మన సీసా మళ్లీ ఆ పోటీలో నిలబడాల్సిందే.

నిర్ణయం ఇక్కడే తేలుతుంది. మార్కెట్‌ప్లేస్‌కి మనం కట్టేది కొత్త మనిషిని వెతికిపెట్టినందుకు కూలి. తిరిగి తిరిగి కొనే సరుకైతే సొంత స్టోర్ నిలుస్తుంది. పెళ్లికోసం ఒక్కసారి కొనే వస్తువైతే ఈ లెక్క తలకిందులవుతుంది. పచ్చడి మొదటి రకం, సీసా ఖాళీ అవుతూనే ఉంటుంది.

అయితే సొంత స్టోర్‌కి మొదటిసారి వచ్చినవాళ్లు మూడు సీసాలు కొనరు. రుచి చూద్దామని ఒకటే తీసుకుంటారు. ఒక్క సీసా ఆర్డర్‌లో కొరియర్ 88, గేట్‌వే 8, స్టోర్ వాటా 16, సరుకూ ప్యాకింగూ 152 పోగా 96 మిగులుతుంది. ప్రకటనకి పెట్టిన 180 తీస్తే 84 నష్టం. అలాంటి వందమందిలో 21 మంది మళ్లీ వచ్చి తలా ఒక మూడు సీసాల పెట్టె కొంటేనే ఆ నష్టం పూడుతుంది. మొదలుపెట్టిన నాలుగు నెలలకి మళ్లీ కొన్నవాళ్లు వందకి పది మంది దగ్గరే ఆగిపోతే లోపం స్టోర్‌లో లేదు. అయితే పచ్చడిలో ఉంది, లేకపోతే ప్రకటన పచ్చడి తినని ఇళ్లకి వెళుతోంది.

పెట్టె కొలతలే డబ్బు

కొరియర్లు అసలు బరువునీ, కొలతల బరువునీ పోల్చి ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తాయి. కొలతల బరువు లెక్క ఇది:

```
పొడవు × వెడల్పు × ఎత్తు (సెం.మీ.) ÷ 5000 = కిలోలు
```

ఒక్క సీసాకి 14 × 14 × 16 పెట్టె వాడితే కొలతల బరువు 0.63 కిలో. అసలు బరువు 950 గ్రాములు, కాబట్టి కిలో శ్లాబులోనే ఉంటాం. చేతికి దొరికిందని 20 × 18 × 16 పెట్టెలో పెడితే అది 1.15 కిలోలు అవుతుంది. సీసా అదే, పచ్చడి అదే, శ్లాబు మాత్రం పైది. కొన్ని కొరియర్లు 5000కి బదులు ఇంకా చిన్న అంకెతో భాగిస్తాయి, ఒప్పందంలో చూసుకోవాలి.

గాజుకి బదులు పెట్ ప్లాస్టిక్ సీసా వాడితే సీసాకి రెండువందల గ్రాములకు పైగా తగ్గుతుంది. కానీ ఒక్క సీసా ఆర్డర్‌లో 950 గ్రాములు 700 అయినా శ్లాబు మారదు, పైసా మిగలదు. మూడు సీసాల పెట్టెలో మాత్రం 2.7 కిలోలు రెండు లోపుకి దిగి ఒక శ్లాబు మిగులుతుంది. కాబట్టి మార్కెట్‌ప్లేస్ ఒంటి సీసాకి గాజు, సొంత స్టోర్ కాంబోకి పెట్ వాడటంలో తప్పేమీ లేదు. ఆవకాయ గాజులోనే అందంగా ఉంటుందన్నది నిజమే. ఆ అందానికి సొంత స్టోర్‌లో ఆర్డర్‌కి ఎంత పడుతుందో తెలిసి ఉంచుకుంటే చాలు.

సొంత స్టోర్ దారిలో ఇంకో చిక్కు ఉంది. మనం 2.7 కిలోలు అని రాసి పంపితే, హబ్‌లో మెషీన్ 3.2 అని కొలిచి తేడా సొమ్ము వాలెట్‌లోంచి కోసేస్తుంది. అభ్యంతరం చెప్పడానికి కొద్ది రోజులే గడువు ఉంటుంది, ఆధారం లేకపోతే వినరు. ప్రతి సైజు పెట్టెనీ తూకం మీద ఒకసారి, టేపుతో మూడు కొలతలూ కనిపించేలా ఇంకోసారి ఫొటో తీసి ఉంచాలి. పెట్టె సైజులు రెండుకి మించకుండా చూసుకుంటే ఈ తగవు చాలావరకు తగ్గుతుంది. మార్కెట్‌ప్లేస్‌లోనూ బరువు తేడాలు వస్తాయి. అక్కడ ఉత్పత్తి కొలతలను ఒకసారి సరిగ్గా మళ్లీ కొలిపిస్తే ఆ లిస్టింగ్ మొత్తానికీ సరిపోతుంది.

నూనె కారడం

ఏ దారిలో పంపినా పచ్చళ్ల ఫిర్యాదుల్లో మొదటిది నూనె కారడం. కారణం చాలాసార్లు మూత నాసిరకం కావడం కాదు, సీసా అంచు మీద నూనె ఉండటం. మూతలోని ఇండక్షన్ సీల్ వేడికి కరిగి అంచుకి అతుక్కోవాలి, మధ్యలో నూనె పొర ఉంటే అతుక్కోదు. నింపేటప్పుడు గరాటు వాడి, అంచుని పొడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాతే మూత బిగించాలి. పైన ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. ఎండాకాలం లారీలో నూనె వేడెక్కి వ్యాకోచిస్తుంది, చోటు లేకపోతే సీల్‌నే తోస్తుంది.

రెండో కారణం తొందర. మూడో రోజు తిరగ కలిపి, ఆ వెంటనే సీసాలకి ఎక్కిస్తే ఆవకాయ లోపల ఇంకా పులుస్తూ ఉంటుంది, గ్యాస్ పుట్టి సీల్ ఉబ్బుతుంది. జాడీలో కనీసం రెండు మూడు వారాలు ఊరాక సీసాల్లోకి ఎక్కించడం మేలు. ప్రతి బ్యాచ్‌లోంచి ఐదారు సీసాలు తీసి టిష్యూ కాగితం మీద తలకిందులుగా, వెచ్చని చోట ఒక రోజంతా ఉంచి చూడాలి. కాగితం మీద ఒక్క నూనె చుక్క కనబడినా ఆ బ్యాచ్ మూతలన్నీ మళ్లీ చూడాలి. ప్యాక్ చేసిన పెట్టెని నడుము ఎత్తు నుంచి మూలల మీద, అంచుల మీద పడేసి చూడాలి. కొరియర్ హబ్‌లో దానికి జరిగేది అదే.

కారిన సీసా ఖరీదు రెండు చోట్లా ఒకటి కాదు. సొంత స్టోర్‌లో ఫోన్ చేసి, ఫొటో అడిగి, ఇంకో సీసా పంపితే చాలావరకు సద్దుమణుగుతుంది. మార్కెట్‌ప్లేస్‌లో డబ్బు వెనక్కి పోవడంతో పాటు ఒక నక్షత్రం రివ్యూ లిస్టింగ్ కింద ఉండిపోతుంది. కొత్త లిస్టింగ్‌కి మొదటి పదిహేను రివ్యూల్లో అలాంటివి మూడు పడితే ప్రకటనలకి ఎంత పోసినా అమ్మకం లేవదు. సీల్ పరీక్ష నెగ్గని సరుకుని మార్కెట్‌ప్లేస్‌కి పంపకపోవడమే మంచిది.

క్యాష్ ఆన్ డెలివరీ

సొంత స్టోర్ లెక్కని చెడగొట్టేది గేట్‌వే ఫీజు కాదు, తిరిగొచ్చే పార్సిల్. మూడు సీసాల పెట్టెని క్యాష్ ఆన్ డెలివరీలో పంపితే, ఇంట్లో ఎవరూ లేరనో మనసు మారిందనో తీసుకోకపోతే, పోవడానికి 177, రావడానికి సుమారు 150, ప్యాకింగ్ 50. రెండు వారాలు వేడి గోడౌన్లలో తిరిగొచ్చిన పచ్చడిని ఇంకొకరికి అమ్మకూడదు కాబట్టి సరుకు 390 కూడా పోయినట్టే. మొత్తం 767. వంద క్యాష్ ఆర్డర్లలో ఇరవై ఇలా తిరిగొస్తే, అందిన 80 ఆర్డర్ల మీద తలా 192 భారం పడుతుంది. 404లో సగానికి దగ్గర. దీని మీద కొరియర్ వసూలు చేసే క్యాష్ చార్జీ వేరే.

క్యాష్‌ని పూర్తిగా ఆపేస్తే కొన్ని ఊళ్ల నుంచి ఆర్డర్లే రావు. వంద రూపాయలు ముందుగా యూపీఐలో కట్టించుకుని మిగతాది డెలివరీలో తీసుకోవడం మధ్యేమార్గం. తీసుకునే ఉద్దేశం లేనివాళ్లు ఆ వంద దగ్గరే ఆగిపోతారు. పంపేముందు అడ్రస్‌లో ల్యాండ్‌మార్క్, రెండో ఫోన్ నంబర్ అడిగి తీసుకోవాలి. రెండుసార్లు పార్సిళ్లు తిరిగొచ్చిన పిన్‌కోడ్‌కి క్యాష్ ఆపేయాలి. మార్కెట్‌ప్లేస్‌లో ఈ అదుపు మన చేతిలో చాలా తక్కువ.

ఎవరి చేతిలో ఏముంది

మార్కెట్‌ప్లేస్ కస్టమర్ మనకి కస్టమర్ కారు. ఫోన్ నంబర్ దాచి ఇస్తారు, ఆ ఆర్డర్ పనికి తప్ప వాడకూడదు. పెట్టెలో "మా వెబ్‌సైట్‌లో కొంటే పది శాతం తగ్గింపు" అని కాగితం వేయడం నిబంధనల ఉల్లంఘన, ఖాతా ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎవరు చూస్తారులే అనుకుని వేసినవాళ్లని అదే కాగితం ఫొటోతో వచ్చిన రివ్యూ పట్టిస్తుంది.

దీనికి చట్టమే ఒక దారి ఇచ్చింది. ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, ఫిర్యాదులకి ఫోన్ నంబర్, ఈమెయిల్ తప్పనిసరి. ఆ నంబర్‌ని ఎవరూ ఎత్తని ల్యాండ్‌లైన్‌గా కాక, వాట్సాప్ బిజినెస్ నడిచే నంబర్‌గా పెట్టాలి. లేబుల్ మీద ఆఫర్లేవీ రాయకూడదు. సీసా ఖాళీ అయ్యాక "గోంగూర ఉందా అండీ" అని వాళ్లంతట వాళ్లే అడిగితే అప్పుడు స్టోర్ లింకు పంపొచ్చు.

ధర విషయంలో జాగ్రత్త. ఒంటి సీసాని సొంత స్టోర్‌లో తక్కువకి పెడితే, బయటి ధరలను గమనించే మార్కెట్‌ప్లేస్‌లలో మన ఆఫర్ వెనక్కి పోవచ్చు. ఒంటి సీసా ధర రెండు చోట్లా ఒకటే ఉంచి, మూడు సీసాల పెట్టెలూ కిలో ప్యాకులూ సొంత స్టోర్‌లోనే అమ్మితే పోల్చడానికి వీలుండదు. ఈ నమూనా యూనిట్‌కి మేం చెప్పేది కూడా ఇదే: మార్కెట్‌ప్లేస్‌లో ఆవకాయ, గోంగూర ఒంటి సీసాలు రెండే లిస్టింగులు, మిగతా రకాలూ కాంబోలూ సొంత స్టోర్‌లో. ఒంటి సీసా మీద ఏడెనిమిది రూపాయలే మిగిలినా ఫర్వాలేదు, సొంత స్టోర్‌లో కొత్త మనిషి మొదటి సీసా మీద 84 పోతోంది మరి.

గోడౌన్‌కి పంపే ముందు

కొన్నాళ్లకి మార్కెట్‌ప్లేస్ వాళ్లు సరుకుని తమ గోడౌన్‌లో పెట్టమంటారు. డెలివరీ వేగం పెరుగుతుంది, లిస్టింగ్ పైకొస్తుంది. గుంటూరు యూనిట్‌కి దగ్గరి గోడౌన్ హైదరాబాద్ వైపు ఉంటే, అది తెలంగాణ. అక్కడ సరుకు నిల్వ చేయాలంటే ఆంధ్రప్రదేశ్ జీఎస్టీ నంబర్ చాలదు, తెలంగాణలో వేరే రిజిస్ట్రేషన్ కావాలి. మన సరుకుని మన గోడౌన్‌కే పంపినా రెండు నంబర్ల మధ్య పన్ను ఇన్వాయిస్ రాయాలి. ఆ చిరునామాకి ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు కూడా చూసుకోవాలి. నెలకు రెండు రిటర్నులు పెరుగుతాయి, అకౌంటెంట్ ఫీజు పెరుగుతుంది.

నిల్వ కాలం ఇంకో ఇబ్బంది. కస్టమర్‌కి చేరేనాటికి కనీసం 30 శాతం లేదా 45 రోజుల గడువు మిగిలి ఉండాలని 2024 నవంబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ-కామర్స్ సంస్థలకి చెప్పింది. గోడౌన్లు దానికి ఇంకొంచెం జాగ్రత్త కలిపి ముందే సరుకుని అమ్మకం నుంచి తీసేస్తాయి. ఆవకాయకి ఏడాది గడువు రాస్తే పెద్ద ఇబ్బంది ఉండదు. మూడు నెలలే గడువున్న గోంగూరని నలభై రోజుల అమ్మకానికి సరిపడా గోడౌన్‌కి పంపితే, చివరి సీసాలకి వెనక్కి తెప్పించుకునే ఫీజో పారేయించే ఫీజో మనమే కట్టాలి. అలాంటి రకాలను మన దగ్గరే ఉంచి, ఆర్డర్ వచ్చాక పంపే పద్ధతిలోనే అమ్మాలి.

సొంత స్టోర్‌లో ఆ గడువు ఎంత ఉందో మనకే కనిపిస్తుంది. కిందటి ఏడు కొన్నవాళ్లలో సందేశాలకి ఒప్పుకున్నవాళ్ల జాబితా కూడా మన దగ్గరే ఉంటుంది. ఏప్రిల్ చివర్లో కాయ కోతకి రాగానే "కొత్తావకాయ మే మూడో వారంలో, ముందుగా చెప్పినవాళ్లకి పక్కన పెడతాం" అని వాట్సాప్ చేస్తే, ఎన్ని కాయలు కొనాలో జాడీలు కడగకముందే తెలుస్తుంది.